బిల్డర్ గారికి బహిరంగ లేఖ: ఈసారి పెయింటర్‌ని పంపకండి

అయ్యా,

హైదరాబాద్‌లో మీరు కట్టిన అపార్ట్‌మెంట్, నాలుగో అంతస్తు, 403 నుంచి రాస్తున్నాను. మీ కస్టమర్ కేర్ అమ్మాయికి నా ఫ్లాట్ నంబర్ నోటికొచ్చేసింది, పాపం. ఇంట్లోకి దిగుతున్న చెమ్మ గురించి పదకొండు మెయిళ్లు, రిజిస్టర్డ్ పోస్టులో రెండు ఉత్తరాలు పంపినా మీదాకా ఒక్కటీ చేరినట్టు లేదు. అందుకే నలుగురిలో పెట్టి రాయాల్సి వస్తోంది. తప్పుగా అనుకోకండి. అనుకున్నా ఏం చేయలేను.

జవాబే రాలేదనడం అన్యాయం. ఏడాదిలో మూడుసార్లు పెయింటర్‌ని పంపారు. మంచి పనివాడు. పొక్కిన చోట గీకి, లప్పం పెట్టి, రెండుసార్లు రంగు వేసి, మా అమ్మ ఇచ్చిన టీ తాగి వెళ్తాడు. నెలన్నర తిరక్కుండానే బెడ్‌రూమ్ గోడ మీద, బీమ్ కింద, అదే చోట రంగు మళ్లీ పొక్కుతుంది. వేలితో నొక్కితే లోపల మెత్తగా ఉంటుంది, పెచ్చు ఊడితే వెనక తెల్లగా ఉప్పు పూసి ఉంటుంది. మూడోసారి వచ్చినప్పుడు ఆ అబ్బాయే అన్నాడు: "సార్, నేనెన్నిసార్లు వేసినా దండగే. నీళ్లు పైనుంచి వస్తున్నాయి." మీ సైట్ ఇంజినీర్ గారికి ఏడాదిలో అర్థం కాని సంగతి అతనికి పది నిమిషాల్లో అర్థమైంది.

చెమ్మ మొదట కనిపించింది 2024 సెప్టెంబర్‌లో. "వర్షాలు సార్, ఎండాకాలానికి ఆరిపోతుంది" అన్నారు. ఎండాకాలం వచ్చింది. ఏప్రిల్‌లో ఊరంతా మాడిపోతుంటే మా బాత్రూమ్ సీలింగ్ మాత్రం పచ్చిగానే ఉంది. అప్పుడు మాట మార్చి, "అది 503 వాళ్ల బాత్రూమ్ సమస్య, మీరూ మీరూ చూసుకోండి" అన్నారు. ఈ మాటే నాకు ఎక్కువ మంట పుట్టించింది. 503లో ఉండేది రిటైరైన మాస్టారు, వారి భార్య. మీరిచ్చిన టైల్ ఒక్కటి కూడా మార్చలేదు, కనీసం ఒక మేకు కొట్టలేదు. వాళ్లను మాకు శత్రువుల్ని చేస్తే మీ పని తేలికవుతుందని ఎవరు సలహా ఇచ్చారో గానీ, ఫలితం తలకిందులైంది. మాస్టారూ నేనూ కలిసి కూర్చుని, మీ ఇంజినీర్లు చేయాల్సిన పరీక్ష మేమే చేశాం.

మొదట ఒకటి గమనించాం. దసరాకి మాస్టారు దంపతులు పది రోజులు ఊరెళ్లారు. ఆ పది రోజుల్లో రెండు మంచి వానలు పడ్డాయి. అయినా మా సీలింగ్ రోజురోజుకీ ఆరుతూ వచ్చింది. అంటే వాన కాదు. ట్యాంకు నుంచి వచ్చే సప్లై లైన్ కూడా కాదు. అందులో ఎప్పుడూ ప్రెషర్ ఉంటుంది కాబట్టి ఇంట్లో మనుషులున్నా లేకపోయినా కారుతూనే ఉండాలి. ఇక మిగిలింది వాడి పారబోసిన నీళ్లు.

వాళ్లు తిరిగొచ్చిన శనివారం ఆ బాత్రూమ్ వాడకుండా ఆపాం. నేల మీది నీళ్లు బయటికి పోయే నానీ ట్రాప్ నోట్లో గుడ్డ చుట్టిన బంతి బిగించి, గుమ్మం దగ్గర మట్టికట్ట వేసి, రెండు అంగుళాల నీళ్లు నిలబెట్టాం. నీటిమట్టం దగ్గర గోడ మీద పెన్సిల్‌తో గీత గీశాం. 24 గంటల తర్వాత చూస్తే నీళ్లు గీత దగ్గరే ఉన్నాయి, కింద మా సీలింగ్‌కి కొత్త తడి లేదు. నేల బాగానే ఉందన్నమాట. ఆ మేరకు మీ వాటర్‌ప్రూఫింగ్ మేస్త్రీకి దండం పెడుతున్నాను. తర్వాత బంతి తీసి, రెండు బకెట్ల నీళ్లలో ఆకుపచ్చ మిఠాయి రంగు కలిపి ట్రాప్‌లో పోశాం. మర్నాడు పొద్దున మా అమ్మ కేకేసింది. సీలింగ్ అంచున లేత ఆకుపచ్చ చారిక, దాని కొసన ఒక చుక్క వేలాడుతోంది. తారీఖు పడేలా ఫోటో తీసి మీకు పంపాను. ఆ మెయిల్‌కీ "మీ ఫిర్యాదు నమోదైంది" అనే జవాబొచ్చింది.

కాబట్టి తప్పెక్కడో ఇప్పుడు మీకూ తెలుసు. ట్రాప్ నుంచి డక్ట్‌లోకి పోయే పైపు జాయింట్, బాత్రూమ్ నేల కింద గుంతలా దించి కట్టిన సంకెన్ స్లాబ్‌లో, మీరు నింపిన ఇటుక ముక్కల మధ్య వదులైంది. పోసిన ప్రతి బకెట్‌లో కొంత ఆ ముక్కల్లోకి చేరుతోంది. అవి స్పాంజిలా తాగి, నిండాక స్లాబ్ గుండా, బీమ్ పక్కగా మా ఇంట్లోకి దిగుతోంది. పైన టైల్స్ సందుల్లో తెల్ల సిమెంట్ పూసినా, కింద లప్పం పెట్టినా ఆ జాయింట్‌కి ఏమీ కాదు. పైన టైల్స్ పగలగొట్టాలి, తడిసిన ముక్కలన్నీ ఎత్తిపోయాలి, జాయింట్ మార్చాలి, గుంత ఆరాక వాటర్‌ప్రూఫింగ్ కోటింగ్ వేయాలి, మళ్లీ నింపే ముందు 48 గంటలు నీళ్లు నిలబెట్టి చూడాలి. అవన్నీ అయ్యాకే రంగు. వారం పైనే పట్టే పని, ఖర్చూ ఉంటుంది. అందుకే పెయింటర్ వస్తున్నాడని నాకు తెలియక కాదు.

ఇక మీ లీగల్ వారి మాట. ఐదేళ్ల గ్యారంటీ పిల్లర్లకీ బీములకీ స్లాబుకే, చెమ్మకి అగ్రిమెంట్ ప్రకారం ఒక్క ఏడాదే అని రాశారు. ఫ్లాట్లు కొన్నవాళ్లకు బిల్డర్లు జవాబు చెప్పాలనే రెరా చట్టం, 2016లో సెక్షన్ 14(3) వారు నాకంటే బాగా చదివే ఉంటారు. నిర్మాణ లోపంతో పాటు పనితనంలో, నాణ్యతలో, సేవల్లో లోపాలు కూడా అందులో ఉన్నాయి. పొజెషన్ ఇచ్చిన రోజు నుంచి ఐదేళ్లలోపు మీ దృష్టికి తెస్తే, 30 రోజుల్లో పైసా తీసుకోకుండా బాగుచేయాలి, లేదంటే పరిహారం ఇవ్వాలి. మాకు తాళాలిచ్చింది 2023 జూన్‌లో. లెక్క మీరే వేసుకోండి. అగ్రిమెంట్‌లో ఏడాదని రాసుకున్నంత మాత్రాన చట్టం తగ్గదు. పైగా పోయిన నెల నుంచి ఆ చారిక పక్కనే తుప్పు రంగు గీత ఒకటి దిగుతోంది. లోపల ఊచకు చెమ్మ తగిలిందేమోనని నా భయం. స్లాబుకు గ్యారంటీ ఉందని మీరే అన్నారు కదా, కనీసం ఆ గీత చూడ్డానికైనా ఎవరినైనా పంపించండి.

నేనడిగేది పెద్దదేం కాదు. ఒక ప్లంబర్, ఒక మేస్త్రీ, పని ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోతుందో సంతకంతో ఒక కాగితం. పని జరిగినన్నాళ్లూ మాస్టారు దంపతులు మా ఇంట్లో స్నానం చేస్తారు, అది మేం మాట్లాడుకున్నాం. ఈ లేఖ కాపీ రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపుతున్నాను. అది అందిన 30 రోజులకు రిపేరు కోసం తెలంగాణ రెరా అథారిటీకి, పరిహారం కోసం అక్కడి అడ్జుడికేటింగ్ ఆఫీసర్‌కి వేర్వేరుగా దరఖాస్తు పెడతాను. మాస్టారు కూడా సంతకం చేస్తానన్నారు. ఆయన చేతిరాత ముత్యాల్లా ఉంటుంది.

మళ్లీ చెప్తున్నాను, దయచేసి పెయింటర్‌ని పంపకండి. పంపితే టీ ఇచ్చి, గోడ ముట్టుకోనివ్వకుండా వెనక్కి పంపిస్తాం.

ఇట్లు,
403, నాలుగో అంతస్తు