సారాంశంలో ఏ మాట ఎవరిది?

సంపాదకుల వారికి నమస్కారం.

కొంతకాలంగా మీ పత్రికలో పెద్ద అభిప్రాయ వ్యాసాల పక్కన ఒక బాక్సు కట్టి, ఆ వ్యాస సారాంశాన్ని ఐదారు వాక్యాల్లో ఇస్తున్నారు. వ్యాసమంతా చదివే తీరిక లేనివారికి ఇది ఉపయోగమే. అయితే ఆ బాక్సులు చదివిన ప్రతిసారీ నాకు ఒక ఇబ్బంది ఎదురవుతోంది. చదవడం పూర్తయ్యాక అందులో వ్యాసరచయిత అన్నదెంత, సారాంశం రాసినవారు తమంతట తాము చేర్చినదెంత అన్నది తేలడం లేదు. చాలా ఏళ్లు విద్యార్థుల సారాంశాలు దిద్దినవాణ్ణి కాబట్టి, ఇది దురుద్దేశంతో జరిగే పని కాదని, మన భాషలో వాక్యం నడిచే తీరు వల్లే ఎక్కువగా జరుగుతుందని నాకు తెలుసు. ఆ తీరు గురించే ఈ ఉత్తరం.

ఎవరి వ్యాసాన్నీ వేలెత్తి చూపడం ఇష్టంలేక, ఉదాహరణ కోసం ఒక చిన్న వ్యాసభాగాన్ని నేనే కల్పించాను.

"పుస్తకాలు ఆలస్యంగా తెచ్చినవారి నుంచి రుసుము వసూలు చేయడం గ్రంథాలయాలు మానుకోవాలి. రుసుము లేకపోతే పుస్తకాలు తిరిగిరావని కొందరి భయం. ఆ భయం అర్థం లేనిదేమీ కాదు. గిరాకీ బాగా ఉన్న పుస్తకాల విషయంలో ఏదో ఒక కట్టడి ఉండక తప్పదు. కానీ బాకీ పేరుకున్న పాఠకుడు చాలా సందర్భాల్లో పుస్తకం తిరిగివ్వకపోవడమే కాదు, గ్రంథాలయానికి రావడమే మానేస్తాడు. గడువుకు ముందే గుర్తుచేసే ఏర్పాటు ఉంటే, రుసుము చేసే పనిలో ఎక్కువ భాగం అదే చేయవచ్చు."

బాక్సుల్లో నేను చూస్తున్న ధోరణిలో దీన్ని కుదిస్తే ఇలా ఉంటుంది.

"గ్రంథాలయాల్లో ఆలస్య రుసుము ఎత్తివేయాలని రచయిత వాదించారు. రుసుము వల్ల పాఠకులు గ్రంథాలయాలకు దూరమవుతున్నారని వెల్లడించారు. రుసుము లేకపోతే పుస్తకాలు తిరిగిరావని ఒప్పుకున్నారు. ముందుగా గుర్తుచేస్తే సరిపోతుందట. సిబ్బంది తక్కువగా ఉన్నచోట ఇది జరిగే పని కాదు."

మొదటి వాక్యం సరిగ్గానే ఉంది. రెండో వాక్యంలో "వెల్లడించారు" అన్న క్రియ దగ్గర ఆగాలి. దాగి ఉన్న నిజాన్ని బయటికి తెచ్చినప్పుడు వాడే మాట అది. "బయటపెట్టారు", "ఎత్తిచూపారు", "గుర్తుచేశారు" అన్నవీ అటువంటివే. వీటిలో ఏది వాడినా, రచయిత చెప్పింది నిజమేనని సారాంశం రాసినవారు సంతకం పెట్టినట్టవుతుంది. "ఆరోపించారు", "వాపోయారు" అంటే దీనికి తలకిందులు. ఆ మాటకు ఆధారం లేదనో, అది ఉత్త గోడు మాత్రమేననో పాఠకుడికి ముందే సూచన అందుతుంది. అభిప్రాయ వ్యాసానికి "అన్నారు", "వాదించారు", "అభిప్రాయపడ్డారు" అన్నవి చాలు. ఇవి చప్పగా ఉంటాయని ఉపసంపాదకులు వేరే క్రియల కోసం వెతుకుతారని నాకు తెలుసు. ఆ చప్పదనమే ఇక్కడ కావలసింది. పైగా ఆ వాక్యంలో మూలంలోని "చాలా సందర్భాల్లో" అన్న మాట రాలిపోయింది, "బాకీ పేరుకున్న పాఠకుడు" కాస్తా "పాఠకులు" అయిపోయాడు. రచయిత తన మాటకు తానే గీసుకున్న గిరిని మనం చెరిపేశాం. రేపు ఎవరైనా ఆ వాదనను ఖండించాలనుకుంటే, రచయిత చేయని వాదననే ఖండిస్తారు.

మూడో వాక్యంలో జరిగినది ఇంకా పెద్ద పొరపాటు. పుస్తకాలు తిరిగిరావన్నది ఇతరుల భయం. రచయిత దాన్ని ఉదహరించి, అందులో కొంత నిజం ఉందని ఒప్పుకుని, తర్వాత తన సమాధానం చెప్పుకున్నారు. మన శాస్త్రగ్రంథాల్లో పూర్వపక్షం, సిద్ధాంతం అని విడదీసి చూపే పద్ధతి ఇదే. ఎదుటివారి వాదాన్ని ముందు నిలబెట్టి, ఆ తర్వాతే తన మాట చెప్పడం. అభిప్రాయ వ్యాసాలన్నీ దాదాపు ఈ దారిలోనే నడుస్తాయి, కానీ ఇది పూర్వపక్షం అని పైన పేరు రాసి ఉండదు. "కొందరు అంటారు", "అనుకోవచ్చు", "నిజమే, కానీ" వంటి చిన్న మాటలే అక్కడ ఆనవాళ్లు. కుదించేటప్పుడు ముందుగా ఎగిరిపోయేవి కూడా ఆ చిన్న మాటలే. అవి పోయాక పూర్వపక్షం రచయిత నోట్లోకి వచ్చి చేరుతుంది. ఇక్కడ రచయిత ఒప్పుకున్నది గిరాకీ ఉన్న పుస్తకాలకు కట్టడి కావాలని మాత్రమే. సారాంశం మాత్రం వాదన మొత్తాన్ని ఆయన చేతే వదిలేయించింది.

నాలుగో వాక్యంలో "సరిపోతుందట" అన్నదాని చివరనున్న "ట" ఒక్క అక్షరమే అయినా చాలా పని చేస్తుంది. తెలుగులో ఆ "ట" విన్నమాటను మనది కాదని దూరం పెట్టడానికి వాడతాం. వార్తను తటస్థంగా చేరవేసేటప్పుడూ పనికొస్తుంది, పెదవి విరవడానికీ పనికొస్తుంది. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు గొంతును బట్టి ఏదో తెలిసిపోతుంది. అచ్చులో గొంతు ఉండదు కాబట్టి, ఎక్కువమంది పాఠకులు దాన్ని వెటకారంగానే చదువుతారు. ఇక ఐదో వాక్యం అచ్చంగా సారాంశం రాసినవారి సొంత అభ్యంతరం. అంతకుముందు నాలుగు వాక్యాలూ రచయిత మాటలుగా నడిచాయి కాబట్టి, ఇది కూడా రచయితే అన్నారని కొందరు అనుకుంటారు, తిరుగులేని వాస్తవమని మరికొందరు అనుకుంటారు.

ఇవన్నీ పట్టుకోగలిగిన తప్పులే. పట్టుబడకుండా దాటిపోయేది మరొకటి ఉంది. తెలుగు వాక్యంలో ఎవరన్నారో చెప్పే క్రియ చివర వస్తుంది, దాని ముందు "అని" వస్తుంది. ఆ "అని" తనకు ముందున్నదాన్నంతా మింగేస్తుంది. "సిబ్బంది కొరత వల్ల గుర్తుచేసే ఏర్పాటు కష్టమైనా రుసుము మానుకోవలసిందేనని రచయిత అన్నారు" అన్న వాక్యాన్ని చూడండి. కష్టమన్నది ఎవరు? వ్యాసంలో ఆ మాట లేదు. కానీ వాక్యం ప్రకారం రచయితే ఆ కష్టాన్ని గుర్తించి, అయినా మొండిగా తన మాట మీద నిలబడ్డట్టు ఉంది. "పాతకాలపు ఆలస్య రుసుమును ఎత్తివేయాలని రచయిత అన్నారు" అన్నదీ అంతే. "పాతకాలపు" అన్న విశేషణం మనది, అచ్చయ్యాక అది ఆయనది. అందుకే "అని" వచ్చే ప్రతి వాక్యంలోనూ దానికి ముందున్న మాటలను ఒక్కొక్కటిగా తీసి, ఇది వ్యాసంలో ఏ చోట ఉందని అడిగి చూసుకోవాలి. చోటు దొరకని మాటను తీసేయాలి. ఆ మాట మనకు ముఖ్యమనిపిస్తే, "అని"కి బయట, మన పేరు మీద వేరే వాక్యంగా రాసుకోవాలి.

అదే వ్యాసభాగాన్ని నేనైతే ఇలా కుదిస్తాను.

"ఆలస్య రుసుమును గ్రంథాలయాలు మానుకోవాలన్నది రచయిత వాదన. బాకీ పేరుకున్నవారు చాలా సందర్భాల్లో గ్రంథాలయానికే రాకుండా పోతారన్నది ఆయన చూపే ప్రధాన కారణం. రుసుము లేకపోతే పుస్తకాలు తిరిగిరావన్న కొందరి భయాన్ని ఆయన కొట్టిపారేయరు. గిరాకీ ఉన్న పుస్తకాలకు కట్టడి అవసరమని అంగీకరిస్తారు. గడువుకు ముందే గుర్తుచేసే ఏర్పాటు ఉంటే, రుసుము చేసే పనిని చాలావరకు అదే చేయవచ్చని ఆయన అంచనా."

ఇందులో "అంగీకరిస్తారు" అన్న క్రియ ఉంది కదా, అది పక్షపాతం కాదా అని ఎవరైనా అడగవచ్చు. వ్యాసంలో రచయిత నిజంగా అంగీకరించిన చోట ఆ మాట వాడడమే సరైనది. చేయని అంగీకారాన్ని అంటగట్టడమే తప్పు. ఇంకొకటి, ప్రతి వాక్యం చివరా "అన్నారు" అని రాస్తే చదవడం కష్టమవుతుందన్న మాటలో నిజముంది. "అన్నది వాదన", "ఆయన చూపే కారణం", "ఆయన అంచనా" వంటి పదబంధాలు ఆ బరువును తగ్గిస్తాయి. ఒక్కటే జాగ్రత్త: ఒక వాక్యంలో రచయిత పేరెత్తి, తర్వాతి మూడు వాక్యాలను ఏ గుర్తూ లేకుండా వదిలేయకూడదు.

ఇక సిబ్బంది సంగతి. ఆ అభ్యంతరం నాకూ న్యాయమైనదిగానే కనిపిస్తుంది, దాన్ని పాఠకుల ముందు పెట్టే హక్కు మీకు తప్పకుండా ఉంది. సారాంశం ముగిశాక, ఒక గీత కింద, "మా వ్యాఖ్య" అన్న శీర్షికతో "గుర్తుచేసే పనికి సిబ్బంది ఎక్కడి నుంచి వస్తారన్న ప్రశ్నను వ్యాసం తాకలేదు" అని రాస్తే సరిపోతుంది. ఇక్కడ కొందరు జారిపోతారు. వ్యాసంలో ఆ ప్రస్తావన లేదన్నది వాస్తవమే కదా, దాన్ని సారాంశంలోనే పెడితే ఏమిటంటారు. ఒక వ్యాసంలో లేని విషయాలు వెయ్యి ఉంటాయి. వాటిలో ఇదొక్కటే ఏరి చెప్పడమంటే, ఇది ఉండవలసింది అని తీర్పు ఇవ్వడమే. కాబట్టి దాని చోటు గీతకు కిందే.

ఇంత చేసినా సారాంశం పూర్తిగా నిష్పక్షపాతంగా ఉంటుందని నేను అనను. ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్న ఎంపికలోనే రాసేవారి చేయి ఉంటుంది. పై సారాంశంలో కొందరి భయానికి రెండు వాక్యాలు ఇచ్చాను, రచయిత చూపే కారణానికి ఒక్కటే ఇచ్చాను. రచయిత చూస్తే, కారణానికి కాస్త ఎక్కువ చోటు ఇవ్వవలసిందని నాతో తగువు పడవచ్చు. దీనికి నాకు తెలిసిన పరీక్ష ఒకటే. అచ్చుకు ముందు ఆ బాక్సును, వ్యాసంతో ఏకీభవించే ఒకరికీ, వ్యతిరేకించే మరొకరికీ విడివిడిగా చూపించి, రాసినవారు ఏ పక్షమో చెప్పమనాలి. ఇద్దరూ తేల్చుకోలేకపోతే దాన్ని అచ్చుకు పంపవచ్చు. ఇద్దరూ ఒకే పక్షం పేరు చెబితే, క్రియల దగ్గరికీ విశేషణాల దగ్గరికీ మళ్లీ వెళ్లాలి.

మీకు నా విన్నపాలు రెండే. బాక్సులో సారాంశాన్నీ వ్యాఖ్యనూ విడగొట్టి, వ్యాఖ్య కింద దాన్ని రాసినవారి పేరు వేయండి. బాక్సు పై శీర్షికలో రచయిత వాదనను పెట్టినప్పుడు దాన్ని కొటేషన్ గుర్తుల మధ్య ఉంచండి. "ఆలస్య రుసుము రద్దే మార్గం" అని ఏ గుర్తూ లేకుండా వేస్తే, అది మీ పత్రిక మాటగానే చదువుకుంటాం.

ఇట్లు,
మీ పాఠకుడు