విజయవాడ సింగ్ నగర్ ఫ్లాట్ గురించి, టోకెన్ ఇచ్చే ముందు

"అండీ, ఫ్లాట్ మా ఇద్దరికీ నచ్చింది. కానీ 1250 అడుగులు అన్నారు, లోపల అంత ఉన్నట్టు అనిపించలేదు. వరదలో ఆ అపార్ట్‌మెంట్‌లోకి నీళ్లు వచ్చాయా? టోకెన్ ఇచ్చేస్తే తర్వాత ఏం చేయాలి?"

టీచరు గారూ, నమస్కారం. ఆదివారం మీరు వెళ్లాక నేను మళ్లీ ఆ ఫ్లాట్‌కి వెళ్లి లేజర్ టేపుతో గదులన్నీ కొలిచాను. ప్రకటనలో 1250 అని రాసింది నేనే, కాబట్టి మీకు లెక్క చెప్పాల్సింది కూడా నేనే.

హాలు, డైనింగ్ కలిపి 11 అడుగుల వెడల్పు, 22 అడుగుల పొడవు. పెద్ద బెడ్‌రూమ్ 11 × 14, రెండోది 11 × 12. వంటగది 8 × 10, రెండు బాత్రూములు, పూజగది, మధ్యలో నడవా. ఇవన్నీ కూడితే 756 చదరపు అడుగులు వచ్చింది. లోపలి గోడల మందం కలిపితే సుమారు 800. రెరా చట్టం కార్పెట్ ఏరియా అని చెప్పేది దీన్నే. బాల్కనీలు, బయటి గోడలు అందులోకి రావు. బాల్కనీ, యుటిలిటీ కలిసి 92 అడుగులు, బయటి గోడలు దాదాపు 78. అంటే మీ తలుపు లోపల మీకు వచ్చేది మొత్తం 970. మిగతా 280 అడుగులు మెట్లు, లిఫ్టు, వరండాల్లో మీ వాటా కింద చూపించినవి. అందుకే మీకు లోపల చిన్నగా అనిపించింది. మీ కన్ను తప్పేమీ కాదు.

ఇందులో మోసం ఉందని నేను అనను. అమ్మేవాళ్ల దస్తావేజులో కూడా "కామన్ ఏరియాతో కలిపి 1250" అనే ఉంది, మన ఊళ్లో పాత అపార్ట్‌మెంట్లు చాలావరకు ఇలాగే అమ్ముడుపోయాయి. కానీ మీరు రెండు మూడు చోట్ల చూస్తున్నారు కాబట్టి అడుగు రేటును 1250 మీద పోల్చకండి. వాళ్లు చెబుతున్న 48 లక్షలను 1250తో భాగిస్తే అడుగు 3840 పడుతుంది, 800తో భాగిస్తే 6000. కానూరులో మీరు చూసిన ఫ్లాట్‌కి కూడా కార్పెట్ కొలత అడిగి, ఆ రేటుతోనే పోల్చండి. ఒక్కో బిల్డర్ కామన్ ఏరియా ఒక్కోలా కలుపుతారు, అక్కడ 1150 అన్నది లోపల దీనికంటే పెద్దగా ఉన్నా ఆశ్చర్యం లేదు.

స్థలంలో మీ వాటా కూడా చూసుకోండి. 400 గజాల స్థలంలో పది ఫ్లాట్లు, దస్తావేజులో మీకు 40 గజాలు రాసి ఉంది. పది ఫ్లాట్ల గజాలూ కూడితే 400 దాటకూడదు. నేను ఆరు ఫ్లాట్ల దస్తావేజులు చూశాను, అన్నిట్లో 40 చొప్పునే ఉంది. మిగతా నాలుగూ చూసేదాకా ఈ విషయం తేలినట్టు కాదు.

ఇక వరద. వచ్చాయండీ, నీళ్లు వచ్చాయి. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగినప్పుడు ఆ వీధి అంతా మునిగింది. వాచ్‌మన్ స్టిల్ట్‌లో, అంటే కింద బళ్లు పెట్టే చోట, ఒక స్తంభం మీద గీత చూపించాడు, కొలిస్తే నాలుగున్నర అడుగులు. మీరు కొనేది రెండో అంతస్తు, ఇంట్లోకి చుక్క రాలేదు. అయినా "మీది రెండో అంతస్తు కదా, టెన్షన్ లేదు" అని మీకు చెప్పడానికి నాకు మనసొప్పదు. కారణం చెబుతాను.

వరద తర్వాత నేను చేయించిన మొదటి అమ్మకం ఆ దగ్గర్లోనే, మూడో అంతస్తు ఫ్లాట్. నేను ఇల్లు చూసి, కాగితాలు చూసి సరే అన్నాను, కింద సంపు మూత తీసి చూడలేదు. వాళ్లు దిగిన వారంలోనే పిల్లలకు వాంతులు, విరేచనాలు. సంపు అడుగున బురద అలాగే ఉంది. మురుగు కలిసిన నీళ్లు అందులోకి పోతే పైపైన తోడేసి, మళ్లీ నింపి వాడుకుంటున్నారు. ఆ తల్లి నాకు ఫోన్ చేసి అడిగిన మాటకు నా దగ్గర జవాబు లేదు. అప్పటినుంచి ఈ ప్రాంతంలో ఏ ఫ్లాట్ చూపించినా ముందు కిందికే వెళ్తున్నాను.

ఈ బిల్డింగులో కింద నేను చూసినవి ఇవి. కరెంటు మీటర్ల బోర్డు కొత్తగా ఆరడుగుల ఎత్తున పెట్టారు, అది మంచి పని. లిఫ్ట్ మెషీన్ టెర్రస్ మీద ఉంది కాబట్టి బతికింది. లిఫ్ట్ గుంతలో నీళ్లు నిండి పాడైన స్విచ్‌లు, వైర్లు మార్చారు, బిల్లు సెక్రటరీ గారి దగ్గర ఉంది. స్టిల్ట్ గోడలకు నడుము ఎత్తు వరకు కొత్త రంగు వేశారు, అక్కడక్కడ దాని కింద ఉప్పు పొర పైకి తేలుతోంది. అది గోడ ఇంకా చెమ్మ పట్టి ఉందనడానికి గుర్తు. స్తంభాలకు పగుళ్లు గానీ, ఇనుము బయటపడి తుప్పు పట్టడం గానీ నాకు కనిపించలేదు. నేను ఇంజనీరును కాను, బ్యాంకు పంపే వాల్యూయర్‌తో కాక మీ తరఫున ఒక సివిల్ ఇంజనీరును తీసుకెళ్లి చూపించుకోండి.

బాగా లేనివి రెండు. సంపు మూత ఇప్పటికీ నేలకు సమానంగా ఉంది. దాని చుట్టూ అడుగున్నర గట్టు కట్టి బిగుతైన మూత పెడితే మామూలు వానకు రోడ్డు నీళ్లు పోకుండా ఉంటాయి. 2024 లాంటి వరదకు అది ఆగదు, అప్పుడు మోటార్ ఆపేసి పై ట్యాంకు నీళ్లు పొదుపుగా వాడుకోవడమే. ట్యాంకు పదివేల లీటర్లు, పది ఇళ్లకు ఇంటికి వెయ్యి పడుతుంది. తాగడానికి, వంటకు వారం వస్తుంది గానీ స్నానాలకు చాలదు. రెండోది మోటార్. అది ఒక అడుగు దిమ్మె మీదే ఉంది, మళ్లీ నీళ్లు వస్తే మొదట పోయేది అదే. దాన్ని గోడకు ఐదున్నర అడుగుల ఎత్తున స్టాండ్ మీద పెట్టొచ్చు, పెద్ద ఖర్చు కాదు. అసోసియేషన్ మీటింగ్ పుస్తకంలో ఈ రెండు పనులూ రాసుకున్నారు, డబ్బు వసూలు చేయలేదు. ఇది మన చేతిలో ఉన్న బేరం. బుడమేరు ఇక పొంగదని నేనే కాదు, ఏ ఏజెంటూ మీకు మాట ఇవ్వలేడు. మీ స్కూటీలు, కారు కింద ఉంటాయి కాబట్టి వాటి ఇన్సూరెన్స్ కాంప్రహెన్సివ్‌లో ఉంచుకోండి, థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే వరద నష్టానికి పైసా రాదు.

ఫ్లాట్‌లో మీకు నచ్చినవి నాకూ నచ్చాయి. తూర్పు వాకిలి, ఆగ్నేయంలో వంటగది, ఫ్లైఓవర్ ఎక్కితే మీ స్కూలు పావుగంట. కానీ బాల్కనీలో మీరు మెచ్చుకున్న ఆ గాలి పక్కన ఖాళీ స్థలం వల్ల వస్తోంది. అది వేరేవాళ్ల స్థలం. రేపు అక్కడ బిల్డింగు లేస్తే రెండు భవనాల మధ్య వదిలిన జాగా మాత్రమే మిగులుతుంది. గాలి కోసమే ఈ ఫ్లాట్ అనుకుంటే ఒకసారి ఆలోచించండి.

టోకెన్ ఈ వారం ఇవ్వొద్దు. ముందు రెండు ఈసీలు, అంటే ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపించే రిజిస్ట్రేషన్ ఆఫీసు కాగితాలు కావాలి, ఒకటి ఫ్లాట్ నంబరు మీద, ఇంకొకటి అపార్ట్‌మెంట్ కట్టకముందు ఉన్న స్థలం మీద. చాలామంది ఫ్లాట్ ఈసీ ఒక్కటే తీస్తారు. బిల్డర్ అప్పట్లో స్థలం తనఖా పెట్టి ఉంటే అది ఫ్లాట్ మీద వెతికితే కనపడకపోవచ్చు. దాంతో పాటు మంజూరైన ప్లాన్ కాపీ అడిగాను. ప్లాన్‌లో ఎన్ని అంతస్తులకు అనుమతి ఉందో, అక్కడ నిజంగా ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోవాలి. మీది రెండో అంతస్తే అయినా పైన అనుమతి లేకుండా కట్టింది ఉంటే బ్యాంకు లీగల్ దగ్గర ఫైలు ఆగుతుంది.

అమ్మేవాళ్లకు ఇంకా హోమ్ లోన్ ఉంది, 11 లక్షలు బాకీ. అంటే ఒరిజినల్ దస్తావేజు వాళ్ల బ్యాంకులో ఉంది, మీరు చూసింది జిరాక్స్. కంగారు పడే విషయం కాదు గానీ వరుస తప్పకూడదు. వాళ్ల బ్యాంకు నుంచి బాకీ ఎంతో, ఏయే కాగితాలు తమ దగ్గర ఉన్నాయో రాతపూర్వకంగా తీసుకోవాలి. మీ బ్యాంకు ఆ 11 లక్షల చెక్కును అమ్మేవాళ్ల పేరున కాకుండా నేరుగా వాళ్ల బ్యాంకుకు ఇవ్వాలి. ఒరిజినల్స్ కూడా బ్యాంకు నుంచి బ్యాంకుకే వెళ్లాలి. "నాకు ఇవ్వండి, నేనే కట్టేస్తాను" అని ఎవరన్నా ఒప్పుకోకండి. అగ్రిమెంట్‌లో, మీకు లోన్ మంజూరు కాకపోతే అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో కూడా రాయించుకుందాం.

డబ్బు లెక్క 48 లక్షల మీదే చెబుతాను. ఈ ధరకు బ్యాంకు ఎక్కువలో ఎక్కువ 80 శాతం ఇస్తుంది, అంటే 38 లక్షల 40 వేలు. అది కూడా వాల్యూయర్ విలువ తక్కువ వేయకపోతేనే. మిగతా 9 లక్షల 60 వేలు మీవి. రిజిస్ట్రేషన్‌కు స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 3 లక్షల 60 వేలు. దీనికి లోన్ రాదు. కాబట్టి మీ చేతిలో 13 లక్షల 20 వేలు ఉండాలి, నా కమిషన్ ఒక శాతం దానికి అదనం, అది రిజిస్ట్రేషన్ అయిన రోజే తీసుకుంటాను. అమ్మేవాళ్లు కూడా నాకు ఒక శాతం ఇస్తున్నారు, ఆ సంగతి మీకు తెలిసి ఉండాలి. పాత ఫ్లాట్ కాబట్టి జీఎస్టీ లేదు.

అమ్మేవాళ్లు దస్తావేజులో 38 లక్షలు రాసి మిగతాది నగదు ఇమ్మని అడిగారు. నేను కుదరదన్నాను. తక్కువ రాస్తే మీ లోన్ కూడా దాని మీదే లెక్కకడతారు, నగదు తీసుకుంటే వాళ్లకు అంతే మొత్తం జరిమానా పడే చట్టం ఉంది. వాళ్లు ఆలోచిస్తామన్నారు.

ధర గురించి అడిగితే, సంపు, మోటార్ పనులు పెండింగులో ఉన్నాయి కాబట్టి 45 నుంచి మొదలుపెట్టమంటాను. 46 దగ్గర తెగుతుందని నా అంచనా, 47 దాటితే మాత్రం నేను మిమ్మల్ని తొందరపెట్టను.

శనివారం ఉదయం పదింటికి సెక్రటరీ గారు సంపు మూత తీయిస్తానన్నారు. సార్‌ని కూడా తీసుకురండి, ఇంజనీరు దొరికితే ఇంకా మంచిది. ఈసీలు, ప్లాన్ కాపీ శుక్రవారం సాయంత్రానికి మీకు పంపిస్తాను. అవి మీ లాయరుకు చూపించాక, ఆయన సరే అన్నాకే టోకెన్ సంగతి మాట్లాడుకుందాం.