చార్టులో ఇకమీదట మూడు నిలువు వరుసలు

"అన్నా, మార్చి క్లోజింగ్. బ్రాంచి నుంచి బయటపడేసరికి తొమ్మిదవుతోంది, నిద్ర కూడా సరిగా లేదు. ఈ నెల మానేసి ఏప్రిల్‌లో మళ్లీ మొదలుపెట్టనా?"

మానేయవద్దు. అలాగని చార్టులో ఉన్నదంతా చేసి తీరాలని కూడా నేను చెప్పను. కిందటి మార్చిలో ఆ మాట చెప్పి తప్పు చేశాను. నాలుగు గంటలే నిద్రపోయి వచ్చిన ఒక సభ్యుణ్ణి నాలుగు సెట్లూ పూర్తి చేయమన్నాను. నాలుగో స్క్వాట్ సెట్‌లో ఆయన నడుము పట్టేసింది, మూడు వారాలు రాలేకపోయారు. ఆ రోజు ఆయన ఎలా నిద్రపోయారో అడిగి తెలుసుకున్న తరువాత కూడా కాగితం మీద రాసినదే చేయించాను గనుక ఆ తప్పు పూర్తిగా నాదే. అందుకే ఈ నెల నుంచి ప్రతి ఒక్కరి చార్టులోనూ ఒకే రోజుకు మూడు నిలువు వరుసలు ఉంటాయి: గంట పట్టే పూర్తి సెషన్, అరగంట పట్టే సగం సెషన్, పదిహేను నిమిషాల పావు సెషన్. వాటిలో ఏది చేయాలో ముందురోజు కాదు, జిమ్‌కు వచ్చాకే తేలుతుంది.

తేల్చుకోవడానికి మూడు విషయాలు చూస్తే చాలు. మొదటిది నిద్ర: గడిచిన రెండు రాత్రులూ ఆరు గంటలకు తక్కువ పడిందా? రెండోది పల్స్: ఉదయం లేవగానే, మంచం దిగకముందే, ఒక నిమిషం పాటు లెక్కపెట్టిన సంఖ్య మీకు మామూలుగా ఉండే సంఖ్య కన్నా ఆరేడు ఎక్కువగా ఉందా? ఇక్కడ పక్కవారితో పోలిక పనికిరాదు, మీ సంఖ్యను మీ సంఖ్యతోనే పోల్చుకోవాలి. మూడోది అన్నిటికన్నా నమ్మదగినది, ఆ రోజు బరువుతో చేసే మొదటి అసలు సెట్. అది ముగిశాక బార్‌ను రాక్‌లో పెట్టి, ఇంకా ఎన్ని రెప్‌లు చక్కగా చేయగలిగి ఉండేవారో నిజాయితీగా చెప్పండి. మామూలుగా రెండు మూడు మిగలాలి. ఒకటే మిగిలినా, అసలు మిగలకపోయినా శరీరం ఆ రోజు వెనకబడి ఉన్నట్టే. ఈ ప్రశ్నను వార్మప్‌లోనే అడిగితే సరిపోతుందని మొదట్లో నేనూ అనుకున్నాను. కానీ బరువు తేలికగా ఉన్నప్పుడు మనిషి ఊహ చాలా తప్పుతుంది, పదిహేను చేయగలిగినవారు ఎనిమిది అంటారు. అలసిపోయే స్థాయికి దగ్గరగా వచ్చినప్పుడే ఆ అంచనాకు విలువ ఉంటుంది.

మూడింటిలో ఒకటి తేడాగా ఉంటే పూర్తి సెషనే చేయండి, రెండు తేడాగా ఉంటే సగానికి మారండి. మూడూ తేడాగా ఉన్నా, అసలు సమయమే లేకపోయినా పావు చేయండి. జ్వరం, ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం వంటివి ఉంటే మాత్రం ఏ సెషనూ వద్దు, ఇంటికో వైద్యుని దగ్గరికో వెళ్లాలి.

చిన్న సెషన్‌ను ఎలా తగ్గించామన్నది ముఖ్యం. చాలామంది ఓపిక లేని రోజున బరువు సగానికి దించి, సెట్లన్నీ అలాగే ఉంచుతారు. దానికి గంట పడుతుంది, బలం నిలబెట్టడానికి మాత్రం పెద్దగా ఉపయోగపడదు. మేము బరువును దాదాపు అలాగే ఉంచి సెట్లను కోస్తాము. 2011లో అమెరికాలోని అలబామాలో వెలువడిన ఒక అధ్యయనం దీనికి నాకు ఆధారం. అందులో 16 వారాలు వారానికి మూడుసార్లు శిక్షణ పొందినవారు, తరువాత 32 వారాల పాటు అందులో మూడో వంతో తొమ్మిదో వంతో మాత్రమే చేశారు. సంపాదించుకున్న బలం చాలావరకు నిలిచింది. యువకులకు కండ పరిమాణం కూడా నిలిచింది, అరవై దాటినవారికి మాత్రం నిలవలేదు. అందువల్ల మన ఉదయం బ్యాచ్‌లోని పెద్దలు పావు సెషన్‌ను రెండు వారాలకు మించి సాగనీయవద్దని నా విన్నపం.

ప్రశ్న అడిగిన సభ్యుని అనుమతితో ఆయన గత వారాన్నే ఇక్కడ వివరిస్తున్నాను. ఆయన మామూలు పల్స్ 62. సోమవారం స్క్వాట్ 80 కిలోలతో ఐదేసి రెప్‌లు నాలుగు సెట్లు, బెంచ్ ప్రెస్ 55 కిలోలతో అదే లెక్క చేయాలి. శని, ఆది రాత్రులు రెండూ ఐదు గంటలే నిద్ర, పల్స్ 69. 40, 60, 70 కిలోలతో వార్మప్ ఎప్పటిలాగే చేయించాను, ఎందుకంటే సెషన్ ఎంత చిన్నదైనా వార్మప్ సెట్లలో కోత లేదు. 80 కిలోల మొదటి సెట్‌లో ఐదో రెప్ దగ్గర తుంటి ముందు లేచింది, ఛాతీ కిందికి వంగింది. "ఇంకొకటి వచ్చేదేమో" అన్నారు. నిద్ర, పల్స్, సెట్ మూడూ తేడానే కాబట్టి పావుకు మార్చాము: స్క్వాట్‌కు ఆ ఒక్క సెట్‌తోనే సరి, తరువాత బెంచ్ ప్రెస్ ఒక సెట్, కేబుల్ రో ఒక సెట్, మొత్తం పద్దెనిమిది నిమిషాలు.

బుధవారం డెడ్‌లిఫ్ట్ రోజు. పల్స్ 64కు దిగింది, నిద్ర మాత్రం ఇంకా తక్కువే, పైగా వచ్చేసరికి తొమ్మిదీ ఇరవై. సమయం లేక మళ్లీ పావే. అయితే బార్‌ను నేల మీద నుంచి ఎత్తనివ్వలేదు. పొద్దంతా కుర్చీలో వంగి కూర్చుని, నిద్ర చాలక వచ్చిన మనిషి నడుము నిటారుగా నిలబెట్టలేడు. అందుకే అలాంటి రోజుకు డెడ్‌లిఫ్ట్ బదులు లెగ్ ప్రెస్ రాసి ఉంచాము. శుక్రవారం ఆయన లోపలికి వస్తూనే పావు వరుస మీద వేలు పెట్టారు, తల బరువుగా ఉందన్నారు. కానీ గురువారం ఏడు గంటలు నిద్రపోయారు, పల్స్ 63, మొదటి సెట్‌లో మూడు రెప్‌లు మిగిలాయి. పూర్తి సెషన్ చేసి, మొదటి సెట్‌లో ఎలా లేపారో ఆఖరి సెట్‌లోనూ అలాగే లేపారు. తల అలసటకూ కండ అలసటకూ ఉన్న తేడాను బార్ చూపించింది.

జాగ్రత్త పడవలసినవి రెండున్నాయి. తప్పిపోయిన సెట్లను మరుసటి రోజు కలిపి చేయకండి, అప్పుడు తగ్గించిన భారమే రెట్టింపై తిరిగి వస్తుంది. రెండోది, వరుసగా మూడు వారాలు పావు దగ్గరే ఆగితే అది ఒక రోజు సమస్య కాదు, చార్టే మీ జీవితానికి సరిపోవడం లేదన్నమాట. నాకు చెప్పండి, వారానికి రెండు రోజుల చార్టు కొత్తగా రాస్తాను. ఒత్తిడి తగ్గిన మొదటి వారం నాలుగు సెట్లకు బదులు మూడే చేసి, ఆ పై వారం నాలుగుకు వెళ్లాలి.

ఇక ఫీజు సంగతి. పావు సెషన్లు చేసినంత మాత్రాన ఫీజు తగ్గించలేను, అద్దె, కరెంటు బిల్లు ఏ నెలయినా ఒకటే. బదులుగా మూసే వేళను తొమ్మిదిన్నర నుంచి పదింబావుకు మార్చాను. ఆ ముప్పావు గంట రెండు రాక్‌లు చిన్న సెషన్ చేసేవారికే కేటాయిస్తాము. ఇది మార్చి నెలాఖరు వరకే, కొనసాగించాలా అన్నది మీ రాకను బట్టి నిర్ణయిస్తాను.

మీ మామూలు పల్స్ ఎంతో తెలియకపోతే రేపు ఉదయం నుంచి ఏడు రోజులు లెక్కపెట్టి రాసుకురండి. ఆ సంఖ్యను చార్టు పైభాగంలో నేనే రాసి ఇస్తాను.