పెళ్లికూతురి ముస్తాబులో ఏ పని వచ్చో పత్రంలో రాయండి

రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. విజయవాడలో పెళ్లికూతుళ్లను ముస్తాబు చేయడం నా వృత్తి. మామూలు రోజుల్లో నేనూ, నా దగ్గర ఏడాదిగా పనిచేస్తున్న అమ్మాయీ సరిపోతాం. మాఘమాసం వచ్చిందంటే ఒకే రాత్రి ఇక్కడొక పెళ్లి, గుంటూరులో ఒక పెళ్లి పడతాయి. ఆ కొద్ది వారాలకు రోజుకింత అని మాట్లాడుకుని సహాయకులను పిలుచుకోక తప్పదు. వచ్చేవాళ్ల చేతిలో శిక్షణ పత్రం ఉంటుంది. నా విన్నపం ఆ పత్రం గురించే.

కిందటి మాఘంలో పత్రం చూసి ఒకమ్మాయికి గుంటూరు పెళ్లి మొత్తం అప్పగించాను. అద్దంలో ముఖం చక్కగానే ఉందట. ఫొటోల్లో మాత్రం కళ్ల కింద, ముక్కు పక్కన తెల్లటి మచ్చలు తేలాయి. జిడ్డు తేలకుండా అద్దే సిలికా పొడి ఎక్కువైతే ఫ్లాష్ వెలుగు పడగానే తెల్లగా మెరుస్తుంది. గది దీపాల కింద అది కంటికి ఆనదు. పీటల మీదికి పంపేముందు ఫోను ఫ్లాష్‌తో ఒక్క ఫొటో తీసి ఉంటే తెలిసిపోయేది. ఆ సంగతి ఆ అమ్మాయికి శిక్షణలో చెప్పలేదు, నేనూ చెప్పలేదు. పెళ్లికూతురి తల్లి ఆల్బమ్ నా ముందు తెరిచిపెట్టినప్పుడు నాకు మాట రాలేదు.

అప్పటినుంచి ముఖం పని మా ఇద్దరిదే. బయటినుంచి వచ్చేవాళ్లకు జడ గానీ, చీర గానీ, ఏదో ఒక్కటే ఇస్తాను. ముహూర్తాలకు ముందు ఒకరోజు కూలి ఇచ్చి పిలిచి, సవరం కలిపి జడ వేయిస్తాను. పూలజడ కట్టాక ఆ తలను వంచి, అటూ ఇటూ తిప్పమంటాను. దారంతో కట్టకుండా పిన్నుల మీదే నిలబెట్టిన జడ అక్కడే జారుతుంది. చీర కట్టేవాళ్లకైతే అసలు పరీక్ష మధుపర్కాలు. పురోహితుడు పిలుస్తుంటాడు, చుట్టాలు తలుపు కొడుతుంటారు, పట్టుచీర విప్పి గంజి చీర కట్టాలి, నగలు కదలకూడదు. అందుకే గడియారం పెట్టి చూస్తాను. ఇక ప్రతి పెళ్లికూతురికీ ఒక అట్టముక్క ఉంటుంది. ముందుగా వేసి చూసిన రోజునే ఫౌండేషన్ నంబరు, జడ పొడవు, చీర కుచ్చిళ్ల లెక్క దానిమీద రాసి పెట్టెలో ఉంచుతాం. ఎవరు వెళ్లినా దాన్ని చూసే చేయాలి.

అయితే నేను పరీక్షించిన అమ్మాయినే మరో పార్లర్ మళ్లీ పరీక్షిస్తుంది, చాలాచోట్ల ఆ రోజుకు కూలి కూడా ఇవ్వరు. జడలో ఆరితేరిన అమ్మాయి ముఖం పనిలో తప్పితే ఆమెకు పత్రమే రాదు. దయచేసి ముఖం, జడ, చీర విడివిడిగా పరీక్షించి, ఏది వచ్చో పత్రంలో అదే రాయించండి. ఫ్లాష్ ఫొటోను ముఖం పరీక్షలో చేర్చండి. మాఘానికి ముందే ఆ పరీక్షలు విజయవాడలోనూ, గుంటూరులోనూ పెట్టించండి. సవరాలు, పూలజడలు, మధుపర్కం చీరలు నేను తీసుకొస్తాను.

ఇట్లు,
విజయవాడ నుంచి ఒక బ్యుటీషియన్