అన్‌లిస్టెడ్ షేర్ల అసలు ధర ఇప్పటికే రికార్డుల్లో ఉంది, దాన్ని బయటపెట్టండి: కేంద్ర ఆర్థిక, కార్పొరేట్ వ్యవహారాల మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన నిర్మలా సీతారామన్ గారికి,
ప్రతి: సెబీ ఛైర్మన్ తుహిన్ కాంత పాండే గారికి

నమస్కారం.

ఇంకా స్టాక్ ఎక్స్ఛేంజీలోకి రాని కంపెనీల షేర్లను 'ప్రీ-ఐపీఓ' పేరుతో మామూలు మదుపరులకు అమ్మే వ్యాపారం గురించి ఈ లేఖ. కంపెనీల చట్టం కార్పొరేట్ వ్యవహారాల శాఖ కిందికి వస్తుంది, సెబీ, షేర్లను డీమాట్ రూపంలో భద్రపరిచే డిపాజిటరీలు ఆర్థిక శాఖ వైపు ఉంటాయి. ఈ షేర్లు ఆ రెండింటి నడుమ సందులో పడి, ఎవరి లెక్కలోకీ రాకుండా చేతులు మారుతున్నాయి. రెండు శాఖలూ మీ చేతిలోనే ఉన్నాయి కాబట్టి మీకే రాస్తున్నాం.

ముందుగా ఒక కేసు చూడండి. హెచ్‌డీబీ ఫైనాన్షియల్ సర్వీసెస్ ఐపీఓ 2025 జూన్ 25న తెరుచుకుంది. కంపెనీ పెట్టిన ధర 700 నుంచి 740 రూపాయలు. దానికి కొద్ది రోజుల ముందు వరకు అదే షేరును డీలర్లు 1,200 రూపాయల పైచిలుకుకు అమ్మారు. ఒకరు 1,225 చొప్పున వంద షేర్లు కొన్నారనుకోండి. పెట్టింది 1,22,500 రూపాయలు. ఐపీఓలో అవే వంద షేర్లు 74,000కు వచ్చాయి. అంటే ముందే కొన్నవారు 48,500 రూపాయలు ఎక్కువ కట్టారు. జూలై 2న షేరు 835 దగ్గర లిస్టయింది. ఐపీఓలో కొన్నవారు ఆ రోజే లాభానికి అమ్ముకోగలిగారు. ముందు కొన్నవారు నష్టానికి కూడా అమ్ముకోలేకపోయారు, ఎందుకంటే ఐపీఓకు ముందు నుంచి షేర్లున్న సాధారణ వాటాదారులకు అలాట్‌మెంట్ తేదీ నుంచి ఆరు నెలలు అమ్మకూడదన్న లాక్-ఇన్ ఉంటుంది. ఈ సంగతి సెబీ నిబంధనల్లో స్పష్టంగా ఉంది, డీలరు పంపే వాట్సాప్ మెసేజీలో మాత్రం కనిపించదు.

కంపెనీ వివరాలు దాచిపెట్టడం వల్ల ఇలా జరిగిందనుకుంటే పొరపాటు. హెచ్‌డీబీ అప్పు పత్రాలైన డిబెంచర్లు అప్పటికే లిస్టయి ఉన్నాయి కాబట్టి ఆర్థిక ఫలితాలు బహిరంగంగానే ఉండేవి. 2025 మార్చితో ముగిసిన ఏడాదికి లాభం 2,176 కోట్ల దాకా, షేర్లు సుమారు 79.6 కోట్లు, అప్పులు పోగా ఒక్కో షేరు వాటాకు మిగిలే ఆస్తి, అంటే పుస్తక విలువ, 200 రూపాయలకు కాస్త తక్కువ. 1,225 పెట్టి కొంటే పుస్తక విలువకు ఆరు రెట్లు ఇచ్చినట్టు, 740కి కొంటే నాలుగు రెట్లలోపే. కాలిక్యులేటర్ ఉంటే చాలు ఈ లెక్క తేలిపోతుంది. అయినా ధర అంత ఎత్తున నిలబడటానికి అసలు కారణం సరుకు కరవు. కంపెనీలో 94 శాతం పైగా వాటా హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకుదే. చేతులు మారడానికి మిగిలిన ఆ కొద్ది షేర్ల కోసం దేశమంతటి నుంచి కొనుగోలుదారులు పోటీ పడ్డారు, ఎంతకు చేతులు మారుతున్నాయో డీలర్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఐపీఓలో 10,000 కోట్ల రూపాయల విలువైన షేర్లను బ్యాంకే అమ్మకానికి పెట్టాక ఆ కరవు ఒక్కసారిగా తీరిపోయింది.

ఇది ఒక్క కంపెనీతో పోలేదు. టాటా క్యాపిటల్‌ది కూడా ఇదే వరస. డీలర్లు వెయ్యి రూపాయల పైన కోట్ చేసిన ఆ షేరును 2025 జూలైలో కంపెనీ, ఉన్న వాటాదారులకే కొత్త షేర్లు ఇచ్చే రైట్స్ కింద, 343 రూపాయలకు ఇచ్చింది. అక్టోబరులో ఐపీఓ గరిష్ఠ ధర 326. రైట్స్ ధర తెలిసిన రోజే మార్కెట్ సర్దుకోవాల్సింది. కానీ ఐపీఓ ధర ప్రకటించేదాకా కోట్లు దానికి రెండింతల పైనే ఉన్నాయి. అన్ని షేర్లకూ ఇలాగే అవుతుందని మేం అనడం లేదు. 2023 నవంబరులో టాటా టెక్నాలజీస్ 500 రూపాయల ఐపీఓ ధర మీద 1,200 దగ్గర లిస్టయింది. అయితే ఆ ఒక్క పేరు చెప్పి తర్వాతి షేర్లను అంటగట్టే అలవాటు ఈ వ్యాపారంలో బాగా పాతుకుపోయింది.

ఇక ఈ ధర ఎలా పుడుతుందో చెప్పాలి. ఉదయం డీలర్ల గ్రూపుల్లో కంపెనీల పేర్లు, పక్కన రేట్లతో ఒక జాబితా తిరుగుతుంది. అది వాళ్లు అమ్మే రేటు. వాళ్లు కొనే రేటు అడిగితేనే చెబుతారు, అది కూడా ఎన్ని షేర్లున్నాయో తెలుసుకున్నాక. డీలరు బ్రోకరులా కమీషన్ తీసుకోడు. తానే కొని తానే అమ్ముతాడు, రెండు రేట్ల తేడాలోనే అతని లాభం. కాబట్టి బ్రోకరు ఇచ్చే లావాదేవీ రసీదు లాంటి కాంట్రాక్ట్ నోట్ ఉండదు, ఆ తేడా ఎంతో ఏ కాగితం మీదా కనబడదు. మార్కెట్ బాగున్నప్పుడు ఈ తేడా చిన్నది. ధర జారడం మొదలైతే కొనే రేటు ముందు తగ్గుతుంది, తర్వాత "ప్రస్తుతం డిమాండ్ లేదండీ" అనే జవాబొస్తుంది. అప్పటికీ జాబితాలో అమ్మే రేటు మాత్రం దర్జాగా కనిపిస్తూనే ఉంటుంది. మదుపరి ఆ అంకె చూసి తన పెట్టుబడి క్షేమంగా ఉందనుకుంటారు.

ఎక్స్ఛేంజీ బయట పబ్లిక్ కంపెనీ షేరు కొనాలంటే అది స్పాట్ డెలివరీ అయి ఉండాలి. అంటే డబ్బు, షేరు అదే రోజు లేదా మర్నాడు చేతులు మారాలి. ఆచరణలో కొనేవారు పాన్, తమ డీమాట్ ఖాతా వివరాలున్న క్లయింట్ మాస్టర్ కాపీ పంపి, ముందే ఆర్‌టీజీఎస్‌లో మొత్తం సొమ్ము కట్టేస్తారు. షేరు ఎప్పుడొస్తుందో డీలరు దయ. వారం దాటిందంటే, సోమవారం తీసుకున్న డబ్బుతో శుక్రవారం ఎక్కడైనా చౌకగా దొరుకుతుందేమోనని డీలరు ఆడుతున్నాడని అనుమానించాలి. 2024 డిసెంబరు 9న సెబీ, అనుమతి లేని ఎలక్ట్రానిక్ వేదికల మీద ఈ లావాదేవీలు చేయవద్దని హెచ్చరించింది. మంచిదే. అయితే ఆ వ్యాపారం వాట్సాప్‌లోకీ ఫోన్లలోకీ తప్పుకుంటే ఆ హెచ్చరికకు అందదు.

మంత్రిగారూ, మా అసలు విన్నపం ఇక్కడి నుంచి మొదలవుతుంది. అన్‌లిస్టెడ్ షేర్ల ధరలు ఎవరి దగ్గరా లేవన్న మాట నిజం కాదు. డీమాట్‌లో షేరు బదిలీ కావాలంటే అమ్మేవారు డెలివరీ ఇన్‌స్ట్రక్షన్ స్లిప్ ఇవ్వాలి. అందులో ఆ సెక్యూరిటీ గుర్తింపు కోడ్ అయిన ఐఎస్ఐఎన్, షేర్ల సంఖ్య, ఎదుటివారి డీమాట్ ఖాతా నంబరు, బదిలీకి కారణం రాయాలి. అమ్మకమైతే ఎంత సొమ్ముకో కూడా రాయాలి. ఆ సొమ్ము మీద 0.015 శాతం స్టాంపు సుంకాన్ని డిపాజిటరీయే అమ్మేవారి నుంచి వసూలు చేసి, కొన్నవారి నివాసం ఉన్న రాష్ట్రానికి పంపుతుంది. పై ఉదాహరణలో 1,22,500 మీద సుంకం 18 రూపాయల చిల్లర. కొన్నవారు విజయవాడ వారైతే అది ఆంధ్రప్రదేశ్ ఖజానాకు, వరంగల్ వారైతే తెలంగాణ ఖజానాకు చేరుతుంది. ఈ ఏర్పాటు మీ హయాంలోనే, 2020 జూలై 1 నుంచి అమలవుతోంది. అంటే ఏ షేరు, ఏ రోజు, ఎన్ని, ఎంతకు అమ్ముడయ్యాయో రెండు డిపాజిటరీలైన ఎన్‌ఎస్‌డీఎల్, సీడీఎస్‌ఎల్ కంప్యూటర్లలో ఉంది. సుంకం లెక్కకు వాడుకుంటున్న ఆ సమాచారం మదుపరికి చూపించడం లేదు.

ఆ రెండు డిపాజిటరీలూ వారానికోసారి ఐఎస్ఐఎన్ వారీగా ఒక పట్టిక ప్రచురించేలా చూడండి. అందులో ఆ వారం డబ్బుకు చేతులు మారిన షేర్ల సంఖ్య, లావాదేవీల సంఖ్య, కనిష్ఠ ధర, ధరలన్నీ వరుసలో పెడితే నడుమ వచ్చే మధ్యస్థ ధర, గరిష్ఠ ధర ఉంటే చాలు. పేర్లు అక్కర్లేదు. లావాదేవీలు మరీ తక్కువైన వారం ధర ఇవ్వకుండా, "ఈ వారం మూడు మాత్రమే" అని సంఖ్య చెప్పినా అది గొప్ప సమాచారమే. అమ్ముకోవడం ఎంత కష్టమో ఆ అంకెను మించి చెప్పేది మరొకటి లేదు.

దీనికో చిక్కు ఉంది. సుంకం తగ్గించుకోవడానికో, మిగతాది నగదుగా తీసుకోవడానికో కొందరు స్లిప్‌లో తక్కువ సొమ్ము రాస్తారు. కుటుంబంలో ఇచ్చిపుచ్చుకోవడాలూ ఉంటాయి. బదిలీ కారణం విడిగా నమోదవుతుంది కాబట్టి బహుమతులను తీసేయవచ్చు. తప్పుడు అంకెల ప్రభావం సగటు మీద పడినంతగా మధ్యస్థ ధర మీద పడదు, అందుకే మధ్యస్థ ధరను కోరుతున్నాం.

ఐపీఓ పత్రంలో ఈ ధరలు ఎలాగూ వస్తాయి కదా అని మీ అధికారులు అనవచ్చు. రావు. అక్కడ చూపాల్సింది ప్రధానంగా ప్రమోటర్లు, ప్రత్యేక హక్కులున్న వాటాదారులు చేసిన పెద్ద లావాదేవీలు, అవి కూడా మూలధనంలో 5 శాతం పరిమితిని దాటితే. యాభై, వంద షేర్లు కొన్నవారి ధర ఆ పేజీల్లోకి ఎన్నడూ రాదు.

లిస్టింగ్‌కు ముందు కంపెనీల షేర్లకు నియంత్రిత వేదిక ఆలోచనను 2025 ఆగస్టులో పాండే గారు ప్రస్తావించారు. దాన్ని స్వాగతిస్తున్నాం. కానీ అందులోకి రావడం కంపెనీ ఇష్టం మీద ఉంటే, వివరాలు చెప్పడానికి ఇష్టపడని కంపెనీలే బయట మిగిలిపోతాయి, మదుపరికి ప్రమాదమున్నదీ వాటితోనే. ధరల పట్టికకు కంపెనీ అనుమతి అవసరం లేదు, కొత్త వేదికా అవసరం లేదు. వేదిక వచ్చేలోపు ఇది మొదలుపెట్టవచ్చు.

బయటపడే దారిలో పన్ను ముల్లు కూడా ఒకటుంది. అన్‌లిస్టెడ్ షేరును నిబంధనల ప్రకారం లెక్కగట్టిన సముచిత విలువ కన్నా తక్కువకు అమ్మితే, ఆ విలువకే అమ్మినట్టు భావించి పన్ను వేస్తారు. ఆ లెక్క ప్రధానంగా కంపెనీ ఆస్తి అప్పుల పట్టీ మీద ఆధారపడుతుంది. కొనేవాడు దొరక్క ఆస్తులు ఎక్కువున్న కంపెనీ షేరును అయినకాడికి వదిలించుకున్నవారు రాని సొమ్ముకు పన్ను కట్టాల్సి వస్తుంది. పైగా తేడా 50,000 రూపాయలు దాటితే కొన్నవారికీ అది ఆదాయమే. సంబంధం లేని ఇద్దరి మధ్య, డీమాట్‌లో, బ్యాంకు ద్వారా జరిగిన చిన్న అమ్మకాలకు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఇవ్వండి. డిపాజిటరీ మధ్యస్థ ధర అందుబాటులోకి వస్తే, ఆ అమ్మకం నిజాయితీ తేల్చడానికి మీ అధికారులకు కూడా ఒక ఆధారం దొరుకుతుంది.

చివరిగా డీలరు ఇవ్వాల్సిన కాగితం. డబ్బు తీసుకునే ముందు ఒక్క పేజీ చాలు. ఆ రోజు తాను అమ్మే రేటు, అదే షేరును తాను కొనే రేటు పక్కపక్కన ఉండాలి. ఐపీఓ వస్తే అలాట్‌మెంట్ నుంచి ఆరు నెలలు అమ్మలేరన్న వాక్యం తెలుగుతో సహా కొనేవారి భాషలో ఉండాలి. ఐఎస్ఐఎన్ పూర్తిగా ఉండాలి, ఎందుకంటే ఈక్విటీ షేరు అని చెప్పి వేరే రకం సెక్యూరిటీ అంటగట్టారేమో అక్కడే తెలుస్తుంది. ఐఎన్‌ఈతో మొదలయ్యే ఆ పన్నెండు అక్షరాల్లో ఎనిమిది, తొమ్మిది స్థానాల్లో 01 ఉంటే ఈక్విటీ, 07 ఉంటే డిబెంచరు. షేర్లు ఖాతాలోకి రావలసిన తేదీ, రాకపోతే సొమ్ము ఎన్ని గంటల్లో వెనక్కి ఇస్తారో రాసి, డీలరు సంతకం చేయాలి.

ఇట్లు,
అన్‌లిస్టెడ్ షేర్ల బదిలీలు, పన్ను పనులు చూసే కొందరు వృత్తి నిపుణులు