ఇంటి లోన్ నోటీసు గురించి నాన్నకు

12-05-2025

నాన్నా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన రెండు ఫొటోలూ పెద్దవి చేసుకుని పూర్తిగా చదివాను. రేపో ఎల్లుండో ఎవరో వచ్చి ఇంటికి తాళం వేస్తారని అమ్మ భయపడుతోందట. ఈ కాగితంతో అలా జరగదు. అలాగని పక్కన పడేసే కాగితమూ కాదు. గడువు దాటకముందు ఏం చెయ్యాలో వివరంగా రాస్తున్నాను, నిదానంగా చదువు.

పైన పెద్ద అక్షరాల్లో ఉన్నది సర్ఫేసీ చట్టం, సెక్షన్ 13(2). తాకట్టు పెట్టిన ఆస్తిని కోర్టులో దావా వెయ్యకుండానే స్వాధీనం చేసుకోవడానికి బ్యాంకులకు 2002లో ఇచ్చిన చట్టం అది. ఆ దారిలో మొదటి మెట్టు ఈ నోటీసు. నోటీసు తేదీ నుంచి 60 రోజుల్లో బాకీ మొత్తం కట్టాలి, కట్టకపోతే ఆస్తిపై చర్య తీసుకుంటాం అని దీని సారాంశం. తేదీ 28-04-2025 అని ఉంది కాబట్టి గడువు జూన్ 27 వరకు. పోస్టుమ్యాన్ నీ చేతికి ఎప్పుడిచ్చాడన్నది లెక్కలోకి తీసుకోకు, కాగితం మీదున్న తేదీ నుంచే లెక్కపెట్టుకో.

నిన్ను కంగారు పెట్టిన అంకె 8,74,300 రూపాయలు. అది లోన్‌లో మిగిలిన బాకీ అంతా, అంటే ఇంకా కొన్నేళ్లపాటు నెలనెలా కట్టాల్సిన అసలు కూడా అందులోనే ఉంది. చట్టం ప్రకారం నోటీసులో మొత్తం అడగాలి కాబట్టి అడిగారు. నువ్వు పట్టించుకోవాల్సింది ఇంకో అంకె: ఇప్పటిదాకా కట్టకుండా ఆగిపోయిన కిస్తీల మొత్తం. దాన్నే బ్యాంకులో ఓవర్‌డ్యూ అంటారు. నోటీసులో అది విడిగా వెయ్యలేదు, అందుకే ఇద్దరం కలిసి లెక్కేద్దాం.

మన కిస్తీ నెలకు 15,200, ప్రతి నెలా 10వ తేదీన. జనవరి కిస్తీ నుంచి ఆగింది. జనవరి నుంచి మే వరకు 5 కిస్తీలు, అంటే 76,000. మార్చిలో నువ్వు కట్టిన 10,000 తీసేస్తే 66,000. ఆలస్యానికి అపరాధ రుసుము 2,100, నోటీసు ఖర్చు 1,770 అని రెండో పేజీలో ఉన్నాయి. అన్నీ కలిపితే 69,870. ఆగిన రోజులకు వడ్డీ కూడా పడుతుంది కాబట్టి బ్యాంకు లెక్క కొన్ని వందలు పెరగొచ్చు. ఎనిమిది లక్షల డెబ్భై వేలకూ డెబ్భై వేలకూ ఎంత తేడా ఉందో చూడు.

మార్చిలో పదివేలు కట్టినా ఖాతాను మొండి బాకీల్లో ఎందుకు వేశారని అడిగావు. వచ్చిన డబ్బును బ్యాంకు అన్నిటికంటే పాత కిస్తీకి జమ చేసుకుంటుంది. ఆ పదివేలు జనవరి కిస్తీలోకి పోయాయి, అయినా అందులో 5,200 మిగిలిపోయింది. ఏ కిస్తీ అయినా పూర్తిగా తీరకుండా 90 రోజులు నిండితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది. జనవరి 10 నుంచి 90 రోజులు లెక్కిస్తే ఏప్రిల్ 10. నోటీసులో ఎన్‌పీఏ అయిన తేదీ అని సరిగ్గా ఆ తేదీనే వేశారు.

బయటపడేటప్పుడు నియమం ఇంకా గట్టిగా ఉంటుంది. ఆగిపోయిన అసలు, వడ్డీ మొత్తం తీరితేనే ఖాతాను మళ్లీ మామూలు ఖాతాగా మార్చాలని రిజర్వు బ్యాంకు నిబంధన. ముప్పై వేలు ఇప్పుడు, ముప్పై వేలు వచ్చే నెల అంటే ఈలోగా ఇంకో కిస్తీ వచ్చి కూర్చుంటుంది, ఖాతా ఎన్‌పీఏలోనే ఉండిపోతుంది. జూన్ 10 లోపు ఒకేసారి కట్టడం మంచిది. ఆ తేదీ దాటితే మరో 15,200 కలిసి 85,070 అవుతుంది.

అలా కట్టేస్తే నోటీసు దానంతటదే రద్దు కాదు, ఆపి తీరాలని చట్టంలోనూ లేదు. కానీ పాత బాకీ అంతా తీరి కిస్తీలు సక్రమంగా వస్తున్న ఇంటి లోన్‌పై బ్యాంకులు సాధారణంగా ముందుకు వెళ్లవు. అందుకే కట్టిన రోజే, ఖాతా మామూలు స్థితికి వచ్చింది, ఈ నోటీసుపై చర్య ఆపుతున్నాం అని కాగితం మీద రాసివ్వమని అడుగు. నోటిమాటతో వచ్చెయ్యకు.

డబ్బు కట్టే ముందే ఒక ఉత్తరం ఇవ్వాలి. సెక్షన్ 13(3ఎ) ప్రకారం నీ అభ్యంతరం రాసిస్తే, అది అందిన 15 రోజుల్లో బ్యాంకు కారణాలతో జవాబు ఇవ్వాలి. అందులో లోన్ ఖాతా నంబరు, నోటీసు తేదీ రాసి మూడు విషయాలు అడుగు: ఈ రోజుకు ఓవర్‌డ్యూ ఎంత, మార్చిలో కట్టిన పదివేలు దేనికి జమ అయ్యాయి, గత ఏడాది స్టేట్‌మెంట్ కాపీ. స్టేట్‌మెంట్ వచ్చాక అపరాధ రుసుము వరస చూడాలి. దాన్ని అసలులో కలిపి మళ్లీ దాని మీద వడ్డీ వెయ్యకూడదు. వేసి ఉంటే తీయించవచ్చు. ఉత్తరం రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద బ్రాంచిలో తేదీతో ముద్ర వేయించుకో. ముద్ర వెయ్యబోమంటే అక్కడే వాదించకు, పోస్టాఫీసుకెళ్లి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచు.

రెండో పేజీ కింద ఆస్తి వివరాలున్న షెడ్యూలు సగమే ఫొటోలో పడింది. కాగితాన్ని బల్ల మీద పరిచి, పైనుంచి నిలువుగా మళ్లీ తీసి పంపు. అందులో మన ఇల్లు, 150 గజాల స్థలం మాత్రమే ఉండాలి. వ్యవసాయ భూమికి ఈ చట్టం వర్తించదు, పొలం సర్వే నంబరు ఎక్కడైనా కనిపిస్తే అదీ ఉత్తరంలో రాద్దాం. హామీ సంతకం పెట్టింది కాబట్టి అమ్మ పేరున కూడా ఇదే నోటీసు వస్తుంది. తీసుకోనని తిప్పి పంపవద్దు. తీసుకోకపోయినా తలుపుకు అతికించి, అందినట్టే లెక్క వేస్తారు. మేడ మీది వాటా కొత్తగా ఎవరికీ అద్దెకు ఇవ్వకు. నోటీసు వచ్చాక బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా ఆ ఇల్లు అమ్మడం, లీజుకివ్వడం కుదరదు.

జూన్ 27 దాటినా మెట్లు ఇంకా ఉన్నాయి. ముందు స్వాధీన నోటీసు తలుపుకు అతికించి పేపర్లో వేస్తారు. అప్పటినుంచి 45 రోజుల్లో విశాఖపట్నంలోని రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. కానీ అక్కడికి చేరితే వకీలు ఖర్చు, ప్రకటన ఖర్చు కూడా మన బాకీలోనే కలుస్తాయి. అందుకే ఈ డెబ్భై వేల దగ్గరే ఆపాలని నా పట్టుదల.

వసూలుకని ఇంటికొచ్చిన మనిషి చేతికి నగదు ఇవ్వకు, ఎంత నమ్మకంగా మాట్లాడినా సరే. బ్రాంచి కౌంటర్లో మన లోన్ ఖాతాకే కట్టి చలానా మీద ముద్ర చూసుకో. నలభై వేలు నేను ఈ నెల 25న పంపుతాను. మిగతాది నీ దగ్గర ఎంతుందో, ఎంత తగ్గుతుందో దాచకుండా చెప్పు. ఉత్తరం తెలుగులో రాసి రేపు రాత్రికి పంపుతాను, చదివి సంతకం పెడితే చాలు.

నీ పెద్దమ్మాయి