గ్లాసులో చివరి గుటక

చిట్టితల్లీ,

ఫోన్‌లో చెబుదామంటే సాయంత్రమయ్యేసరికి నా గొంతు నాకే వినపడదు. అందుకే రాస్తున్నాను. పోనుపోను అక్షరాలు చీమల్లా అయిపోతాయి. అది పార్కిన్సన్స్ చేసే పని, కాస్త ఓపిగ్గా చదువుకో.

మొన్న నీ చేతి నీళ్లు తాగి నాకు పొలమారిందని నువ్వు ఇంకా బాధపడుతున్నావట, అమ్మ చెప్పింది. అమ్మ కంటి ఆపరేషన్ వారంలో నన్ను చూసుకునేది నువ్వే కాబట్టి, ఆ రోజు అసలేం జరిగిందో తెలిసుండాలి.

గొంతులోకి నెమ్మదిగా దిగాలని అమ్మ చిక్కగా కలిపి పెట్టిన నీళ్లలో నువ్వు నా మలబద్ధకం పొడి వేసి తిప్పావు. ఎవరైనా అదే చేస్తారు. ఆ పొడి మాక్రోగోల్. మనం అప్పుడు వాడుతున్న చిక్కబరిచే పొడి స్టార్చ్‌ది. ఆ రెండూ కలిస్తే చిక్కదనం విరిగిపోతుంది. నువ్వు గ్లాసు నా చేతికిచ్చేసరికి అందులో ఉన్నవి ఉత్త నీళ్లే. స్పీచ్ థెరపిస్టు చెప్పేదాకా అమ్మకీ తెలీదు, నాకూ తెలీదు.

ఉత్త నీళ్లతో నాకేం ఇబ్బందో ఎక్స్‌రే వీడియోలో నా కళ్లతో చూశాను. మింగేటప్పుడు ఊపిరిగొట్టం మూసుకోవాలి. నాకు అది ఆలస్యంగా మూసుకుంటోంది. నీళ్లు దానికోసం ఆగవు కదా, గుటక మొదలవకముందే నాలుక వెనక నుంచి జారి ఊపిరిగొట్టంలోకి దిగిపోయాయి. అన్నిటికన్నా నన్ను భయపెట్టింది ఏంటంటే, అప్పుడు నాకు దగ్గే రాలేదు. అంటే దగ్గలేదు కాబట్టి బాగానే మింగారనుకోవడానికి లేదు. తాగిన కాసేపటికి నాచేత ‘ఆ’ అనిపించు. గొంతులో నీళ్లు గరగరలాడినట్టు తడిగా వినిపిస్తే గట్టిగా దగ్గమను, మళ్లీ ఒట్టి గుటక వేయించు. జ్వరమొచ్చినా, ఊపిరి వేగంగా తీసుకుంటున్నా ఆ పూటే డాక్టరుకి చెప్పాలి.

రెండో తప్పు నాది. గ్లాసు అడుగున మిగిలింది తాగడానికి తల వెనక్కి వాల్చాను. అలా చేస్తే నీళ్లు ఇంకా తొందరగా జారతాయి. నేను చేయాల్సింది దానికి వ్యతిరేకం: నిటారుగా కూర్చుని, చిన్న గుటక నోట్లోకి తీసుకుని ఆపి, చొక్కా గుండీ చూస్తున్నట్టు గడ్డం దించి, మింగడం పూర్తయ్యాకే తల ఎత్తాలి. నడుం కూడా వంగిపోతే లాభం లేదు. ఇరుకు గ్లాసు ముక్కుకి తగిలి తల దానంతటదే వెనక్కి వెళ్తుంది, అందుకని వెడల్పు మూతి ఉన్నది పెట్టు. సగం తాగగానే మళ్లీ నింపు, అడుగుదాకా రానివ్వకు. ఇది నాకు సరిపోతుందని వీడియోలో తేలింది కాబట్టి చెబుతున్నాను. మింగాక కూడా గొంతు అడుగున నీళ్లు మిగిలిపోయేవాళ్లకి గడ్డం దించితే ఆ మిగిలింది లోపలికి ఒలికిపోవచ్చు. అందుకే పరీక్ష చేయించకుండా మీ అత్తగారికి ఇది నేర్పించకు.

ఇప్పుడు స్టార్చ్ మానేసి గ్జాంథన్ గమ్ పొడి వాడుతున్నాం. స్టార్చ్‌ని లాలాజలం కూడా పలచన చేస్తుంది, దీన్ని చేయదు. కొలత డబ్బా మీదే ఉంది. కలిపాక అందులో రాసినంతసేపు ఆగి, సూది, లోపలి తోపుడు కడ్డీ తీసేసిన 10 మి.లీ. సిరంజితో చూడు. కింద వేలు అడ్డంపెట్టి 10 గుర్తుదాకా నింపి, వేలు తీసి 10 సెకన్లు లెక్కపెట్టి మళ్లీ మూసెయ్. ఉత్త నీళ్లైతే ఏమీ మిగలదు. చిక్కదనంలో నాకు చెప్పింది రెండో స్థాయి, అంటే 4 నుంచి 8 మి.లీ. మధ్య మిగలాలి. ఏ సిరంజి పడితే అది పనికిరాదు, సున్నా నుంచి 10 దాకా గీతల పొడవు 61.5 మి.మీ. ఉండాలి. అందులో ఏ మందు కలిపినా మళ్లీ ఒకసారి చూసి ఇవ్వు.

ఇంకా చిక్కగా చేస్తే ఇంకా మంచిది కదా అని అడుగుతావని తెలుసు, నేనూ అడిగాను. మరీ చిక్కనిది గొంతులో అంటుకుని మిగిలిపోతుంది. పైగా ఆ జిగట మింగలేక నేను తాగడమే తగ్గించేస్తాను. పోయిన వేసవిలో అదే జరిగింది, మూత్రం ముదురు పసుపు రంగులోకి మారేదాకా ఎవరూ గమనించలేదు. నేను వద్దన్నా గంటకోసారి గ్లాసు తెచ్చి ముందు పెట్టు. విసుక్కుంటాను, పట్టించుకోకు.

సిరంజి గమ్ డబ్బా పక్కనే ఉంటుంది. మందుల సిరంజితో కలిసిపోకుండా అమ్మ దానికి ఎర్ర దారం కట్టింది.

నాన్న